మూడు గేట్లా, ఐదు గేట్లా? రెండు ఇన్‌పుట్లకు విడగొట్టాక అసలు లెక్క

ప్రశ్న: "సర్, నాలుగు స్విచ్‌లు A, B, C, D ఒకేలా ఉంటే (అన్నీ 0 గానీ అన్నీ 1 గానీ) ఎల్‌ఈడీ వెలగాలి. నేను ABCD + A'B'C'D' అని చేశాను, 3 గేట్లు. మా ఫ్రెండ్ (A'+B)(B'+C)(C'+D)(D'+A) అని చేశాడు, 5 గేట్లు. లిటరల్స్ చూస్తే ఇద్దరివీ 8. ఎవరిది బెటర్? ఇంకోటి, ల్యాబ్‌లో రెండు ఇన్‌పుట్ల గేట్లే ఉన్నాయి. నాది నాండ్-నాండ్‌గా మార్చి, ఒక్కో నాలుగు ఇన్‌పుట్ల నాండ్‌ని మూడు చిన్న నాండ్‌లుగా విడగొట్టాను. ఎల్‌ఈడీ దాదాపు ఎప్పుడూ వెలుగుతూనే ఉంది. ఎందుకు?"

సమాధానం:

ముందు ఎల్‌ఈడీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ వైరింగ్ తప్పు లేదు, బీజగణితమే తప్పింది.

ఆండ్ గేటుని ఎలా విడగొట్టినా పర్లేదు. ABCD అన్నా (AB)(CD) అన్నా ఒకటే. ఆర్ కూడా అంతే. నాండ్, నార్‌లకు ఆ వెసులుబాటు లేదు. నాలుగు ఇన్‌పుట్ల నాండ్ అంటే నాలుగింటినీ ఆండ్ చేసి, చివర్లో ఒక్కసారి తిరగేయడం. మీరు A, B లను ఒక నాండ్‌కి, C, D లను ఇంకో నాండ్‌కి ఇచ్చి, ఆ రెండింటినీ మూడో నాండ్‌లో కలిపారు. అంటే తిరగేసినదాన్ని మళ్లీ తిరగేశారు. దాని ఫలితం ఇది:

```
((AB)'(CD)')' = AB + CD
```

ఇది (ABCD)' కాదు, దానికి దగ్గర్లో కూడా లేదు. ట్రూత్ టేబుల్ వేసి పోల్చండి, 16 వరుసల్లో 10 చోట్ల తేడా వస్తుంది. మీరు రెండు పెద్ద నాండ్‌లనూ ఇలాగే విడగొట్టారు కాబట్టి, మీ బోర్డు మీద నిజంగా ఉన్న సర్క్యూట్ ఇది:

```
F = ((AB + CD)(A'B' + C'D'))'
```

ఇది 0 కావాలంటే రెండు బ్రాకెట్లూ ఒకేసారి 1 అవ్వాలి. అలా జరిగేది 1100 దగ్గర, 0011 దగ్గర మాత్రమే. మిగతా 14 వరుసల్లోనూ ఎల్‌ఈడీ వెలుగుతుంది. మీరు చూసింది సరిగ్గా ఇదే. ఇందులో ఒక చిక్కుంది. 0000 పెడితే వెలుగుతుంది, 1111 పెడితే వెలుగుతుంది, "సరే, ఒకసారి తేడాగా పెడదాం" అని 1100 పెడితే ఆరిపోతుంది! ఈ మూడే చూసి రికార్డులో "వెరిఫైడ్" అని రాసేసేవాళ్లు తక్కువేం కాదు. 1000 పెట్టి ఉంటే వెంటనే బయటపడేది.

సరైన విడగొట్టడం ఇలా ఉంటుంది:

```
(ABCD)'    = ((AB)(CD))'    = (AB)' + (CD)'
(A+B+C+D)' = ((A+B)+(C+D))' = (A+B)'(C+D)'
```

ఒక్కో లైనులో రెండు దారులున్నాయి. లోపలి గేట్లను మామూలు ఆండ్‌లుగా ఉంచి చివరిదాన్ని మాత్రం నాండ్‌గా పెట్టడం ఒక దారి. లోపలివి నాండ్‌లుగానే ఉంచి, కలిపే గేటుని ఆర్‌గా మార్చడం రెండోది. బోర్డు మీద 7400 తప్ప ఇంకేమీ లేకపోతే, లోపలి రెండు నాండ్‌ల తర్వాత చెరొక నాండ్‌ని ఇన్‌పుట్లు రెండూ కలిపేసి ఇన్వర్టర్‌గా పెట్టాలి. అప్పుడు ఒక నాలుగు ఇన్‌పుట్ల నాండ్‌కి మూడు కాదు, ఐదు చిన్న నాండ్‌లు పడతాయి. పెద్ద నాండ్‌ని విడగొట్టడానికి అయ్యే అసలు ఖర్చు ఇదే. చాలామంది లెక్కలో వేసుకోనిదీ ఇదే.

ఇక "ఎవరిది బెటర్" అన్నదానికి వద్దాం.

గేట్లు లెక్కపెడితే మీది 3, మీ ఫ్రెండ్‌ది 5. ఇన్వర్టర్లు ఇద్దరికీ 4 (A', B', C', D' ఒక్కొక్కటి ఒక్కసారి చేస్తే చాలు, ఎన్నిచోట్ల వాడినా సరే). అలా చూస్తే మీరు గెలిచినట్టే. కానీ మీ గేట్లలో రెండు నాలుగు ఇన్‌పుట్లవి. వాళ్ల గేట్లలో అలాంటిది ఒక్కటే. నాలుగు ఇన్‌పుట్ల గేటునీ రెండు ఇన్‌పుట్ల గేటునీ సమానంగా "ఒకటి" అని లెక్కేస్తే ఆ పోలిక నిలబడదు. అందుకే లిటరల్ లెక్క. కుడివైపు సమీకరణంలో అక్షరం ఎన్నిసార్లు కనిపిస్తే అన్ని లిటరల్స్. A అయినా A' అయినా ఒకటే. ఎడమవైపు F లెక్కలోకి రాదు.

లిటరల్ లెక్కకు ఎందుకంత విలువ అంటే, రెండు ఇన్‌పుట్ల గేటు చేసే పని ఒక్కటే: రెండు వైర్లు తీసుకుని ఒక వైరు ఇస్తుంది. ఒక్కో గేటుతో వైర్ల సంఖ్య ఒకటి తగ్గుతుంది. 8 లిటరల్స్ అంటే 8 వైర్లు లోపలికి వస్తున్నాయి, చివరికి ఒక్క F మిగలాలి, కాబట్టి 7 గేట్లు కావాలి. నాకౌట్ టోర్నమెంట్‌లో 8 టీములుంటే డ్రా ఎలా వేసినా 7 మ్యాచులే అయినట్టు. మీది విడగొడితే 3 + 3 + 1 = 7. మీ ఫ్రెండ్‌ది విడగొడితే నాలుగు ఆర్‌లు, వాటిని కలిపే మూడు ఆండ్‌లు, మొత్తం 7. 3కీ 5కీ మధ్య కనిపించిన తేడా మాయమైపోయింది.

గేటుకి రెండు కాకుండా k ఇన్‌పుట్ల వరకు అనుమతి ఉంటే, ఒక్కో గేటు k−1 వైర్లను తగ్గిస్తుంది. అప్పుడు n ఇన్‌పుట్ల ఆండ్‌కి కావలసినవి (n−1)/(k−1), భిన్నం వస్తే పైకి. 8 ఇన్‌పుట్లు, మూడింటి పరిమితి అయితే 7/2, అంటే 4 గేట్లు. నాలుగింటి పరిమితి అయితే 7/3, అంటే 3.

గేట్లు సమానమే అయినా బ్రెడ్‌బోర్డు మీద మీరు ఓడిపోతారు, ఎందుకంటే ఐసీలు గేట్ల లెక్కన అమ్మరు. 7408 లో నాలుగు ఆండ్‌లు, 7432 లో నాలుగు ఆర్‌లు, 7404 లో ఆరు ఇన్వర్టర్లు ఉంటాయి. మీకు 6 ఆండ్‌లు, 1 ఆర్, 4 ఇన్వర్టర్లు కావాలి. అంటే 7408 రెండు, 7432 ఒకటి, 7404 ఒకటి, మొత్తం 4 ఐసీలు. మీ ఫ్రెండ్‌కి 4 ఆర్‌లు, 3 ఆండ్‌లు, 4 ఇన్వర్టర్లు, కాబట్టి మూడు ఐసీలతో సరిపోతుంది. మీ ఒకే ఒక్క ఆర్ గేటు కోసం మొత్తం ఒక 7432 పెట్టాల్సి వచ్చింది, అందులో మూడు గేట్లు ఖాళీగా కూర్చున్నాయి.

(7420 కొంటే కథ వేరు. అందులో నాలుగు ఇన్‌పుట్ల నాండ్‌లు రెండుంటాయి, మీ నాండ్-నాండ్ రూపానికి సరిగ్గా సరిపోతాయి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. కానీ చివరి నాండ్‌కి 7400, ఇన్వర్టర్లకు 7404 ఎలాగూ కావాలి, కాబట్టి అదీ మూడు ఐసీలే.)

నిజానికి ఇద్దరి డిజైన్లలోనూ దండగ ఖర్చు ఆ నాలుగు ఇన్వర్టర్లే. A'B'C'D' అంటే (A+B+C+D)' అని గుర్తుపడితే వాటి పనే ఉండదు:

```
P = (A+B) + (C+D)
Q = (AB)' + (CD)'
F = (PQ)'
```

P అన్నీ 0 అయినప్పుడు మాత్రమే 0. Q అన్నీ 1 అయినప్పుడు మాత్రమే 0. రెండింటిలో ఏది 0 అయినా చివరి నాండ్ 1 ఇస్తుంది. లెక్కపెట్టండి: P కి మూడు ఆర్‌లు, Q కి రెండు నాండ్‌లు ఒక ఆర్, చివర ఒక నాండ్. మొత్తం 7 గేట్లు, ఇన్వర్టర్లు సున్నా. 4 ఆర్‌లు ఒక 7432 ని నింపేస్తాయి, 3 నాండ్‌లకు ఒక 7400. రెండు ఐసీలతో అయిపోయింది. గమనించారా, Q లో వాడింది పైన చెప్పిన సరైన విడగొట్టడమే, అదీ రెండో దారి. మొదటి దారిలో వెళ్లి ఉంటే ఆండ్‌ల కోసం 7408 కూడా పెట్టాల్సి వచ్చేది. గేట్ల లెక్క రెండు దారుల్లోనూ ఒకటే. కాబట్టి ఎలా విడగొట్టాలో తేల్చుకునే ముందు, ఏ ఐసీలో ఖాళీ గేట్లున్నాయో చూసుకోండి.

పిన్నులు ఇవిగో. 7400, 7432 రెండింటికీ పిన్ అమరిక ఒకటే, 14 కి +5 వోల్టులు, 7 కి గ్రౌండ్.

```
7432:  A->1   B->2   (3 = A+B)
       C->4   D->5   (6 = C+D)
       3->9   6->10  (8 = P)
       7400-3 -> 12   7400-6 -> 13   (11 = Q)

7400:  A->1   B->2   (3 = (AB)')
       C->4   D->5   (6 = (CD)')
       7432-8 -> 9    7432-11 -> 10  (8 = F)
       12, 13 -> గ్రౌండ్
```

7402 తో కలిపి ప్రయోగాలు చేస్తే మాత్రం జాగ్రత్త. దానికి అవుట్‌పుట్ పిన్ 1, ఇన్‌పుట్లు 2, 3. మిగతా ఐసీల అలవాటుతో 1, 2 లకు ఇన్‌పుట్లు ఇచ్చేస్తే, స్విచ్ నేరుగా గేటు అవుట్‌పుట్ మీదికి వెళ్తుంది.

వెలగకపోతే F దగ్గర వెతక్కండి, వెనక్కి వెళ్లండి. 7432 ఎనిమిదో పిన్ 0000 కి మాత్రమే 0 అవ్వాలి, పదకొండో పిన్ 1111 కి మాత్రమే 0 అవ్వాలి. ఈ రెండు పిన్నులు చూస్తే తప్పు ఏ సగంలో ఉందో తెలిసిపోతుంది. మీ కిట్‌లో ఉన్నవి 74LS రకమైతే, ఊడిపోయిన ఇన్‌పుట్ 1 లాగా పనిచేస్తుంది, దాన్ని కూడా లక్షణాలతోనే పట్టుకోవచ్చు. 1111 కి వెలిగి 0000 కి ఎంతకీ వెలగడం లేదంటే, ఆర్ వైపు ఏదో ఒక వైరు గాల్లో ఉంది. 0000, 1111 రెండూ బాగున్నా 0111 కి కూడా వెలుగుతోందంటే, 7400 మొదటి పిన్‌కి A అందడం లేదు. 1011 అయితే B, అలా. 74HC రకమైతే ఊడిన ఇన్‌పుట్ 0 గానో 1 గానో నిలకడగా ఉండదు, చెయ్యి దగ్గరికి పెడితేనే మారిపోతుంది. అక్కడ ఈ సూత్రం పట్టుకుని కూర్చోవద్దు, ముందు వైర్లు చూడండి.

ఇక్కడిదాకా "లిటరల్స్ మైనస్ ఒకటి" అన్నది బాగా పనిచేసింది. అది తప్పే చోటు కూడా చెప్పాలి, వైవాలో అడిగితే ఇరుక్కుంటారు. ఇది చూడండి:

```
ABC + ABD + CE + DE     (10 లిటరల్స్)
(AB + E)(C + D)         (5 లిటరల్స్)
```

రెండూ ఒకే ఫంక్షన్. గేట్లు లెక్కపెడితే 5, 4. పెద్ద తేడా లేనట్టే అనిపిస్తుంది. రెండు ఇన్‌పుట్లకు విడగొట్టాక రెండోది 4 గేట్ల దగ్గరే ఉంటుంది, మొదటిది 9 అవ్వాలి. కానీ AB రెండు పదాల్లో ఉంది. దాన్ని ఒక్కసారి చేసి ఆ వైరుని రెండు చోట్లకీ తీసుకెళ్తే 8 తో అయిపోతుంది. లిటరల్ లెక్కకు ఈ పంచుకోవడం కనబడదు, ఎందుకంటే ఒక్కో అక్షరాన్ని వేరే వైరుగా చూస్తుంది. అందుకే ABC ని విడగొట్టేటప్పుడు A(BC) అని కాకుండా (AB)C అని విడగొట్టాలి. గేట్ల లెక్క అప్పటికి ఒకటే అయినా, పక్క పదంతో పంచుకునే జంట ఏదో చూసి విడగొడితే ఒక గేటు మిగులుతుంది. అవుట్‌పుట్లు రెండు మూడు ఉన్న సర్క్యూట్‌లో ఇలా మిగిలేవి ఇంకా ఎక్కువే.

ఎక్స్-ఆర్ కూడా ఈ లెక్కకు లొంగదు. AB' + A'B అంటే నాలుగు లిటరల్స్, కానీ 7486 లో అది ఒక్క గేటు. మీ సమస్యనే అలా చేస్తే A⊕B, B⊕C, C⊕D మూడు ఎక్స్-ఆర్‌లు, వాటిని కలిపే రెండు ఆర్‌లు, చివర్లో తిరగేయడానికి మిగిలిన నాలుగో ఎక్స్-ఆర్‌కి ఒక కాలు +5 కి కట్టేస్తే చాలు. 7486 ఒకటి, 7432 ఒకటి. ఇదీ రెండు ఐసీలే, గేట్లు 6. ల్యాబ్‌లో పైన చెప్పిన నాండ్-ఆర్ రూపమే నాకు నచ్చుతుంది, ఎందుకంటే అందులో P, Q లను విడివిడిగా పరీక్షించుకోవచ్చు. చిప్ లోపలైతే ఎక్స్-ఆర్ అనేది నాండ్ కంటే ఎక్కువ ట్రాన్సిస్టర్లు తినే గేటు, కాబట్టి అక్కడ "6 గేట్లు" అన్నది మళ్లీ మోసపుచ్చే అంకె.

చిప్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. మాదాపూర్, గచ్చిబౌలి వైపు వీఎల్‌ఎస్‌ఐ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు ఇదే ప్రశ్నను సీమాస్‌లో ఆలోచించాలి. అక్కడ రెండు ఇన్‌పుట్ల నాండ్‌కి 4 ట్రాన్సిస్టర్లు, నాలుగు ఇన్‌పుట్ల నాండ్‌కి 8. ఆండ్, ఆర్‌లు వెనక ఇన్వర్టర్ తగిలించుకుని వస్తాయి కాబట్టి రెండు ఇన్‌పుట్లకు 6. (ABCD)' ని (AB)' + (CD)' గా విడగొడితే 4 + 4 + 6 = 14 ట్రాన్సిస్టర్లు, ఉన్నది 8. మరి పరిమితి ఎందుకు పెడతారు అంటే, నాండ్ ఇన్‌పుట్లు పెరిగేకొద్దీ గ్రౌండ్ వైపు ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్లు ఒకదాని మీద ఒకటి వరసగా పేరుకుంటాయి, వాటి రెసిస్టెన్స్ కూడుకుని అవుట్‌పుట్ కిందికి దిగడం నెమ్మదిస్తుంది. నార్‌లో ఈ వరస పీమాస్‌లది, అవి అసలే నెమ్మది, కాబట్టి అక్కడ ఇంకా తొందరగా ఇబ్బంది మొదలవుతుంది. మామూలుగా నాలుగు దాటనివ్వరు.

ఇక మిగిలింది ఆకారం. n ఇన్‌పుట్ల ఆండ్‌ని ఒకదాని వెనక ఒకటిగా గొలుసులా కట్టినా, జంటలు జంటలుగా చెట్టులా కట్టినా n−1 గేట్లే. మారేది ఆలస్యం. 8 ఇన్‌పుట్లకు గొలుసులో 7 మెట్లు, చెట్టులో 3. ఒక్కో గేటుకి 10 నానోసెకండ్లు వేసుకుంటే 70 కీ 30 కీ ఉన్న తేడా. మామూలుగా చెట్టే కట్టండి. మీ P, Q సర్క్యూట్ కూడా ప్రతి స్విచ్ నుంచీ మూడే మెట్లు, 8 వైర్లకు అంతకంటే తక్కువ కుదరదు.

గొలుసు పనికొచ్చే సందర్భం ఒకటుంది. ఇన్‌పుట్లలో ఒకటి మిగతావాటికంటే బాగా ఆలస్యంగా వస్తోందనుకోండి, ఉదాహరణకు యాడర్ నుంచి వచ్చే క్యారీ. చెట్టులో పెడితే అది వచ్చాక కూడా మూడు మెట్లు దాటాలి. గొలుసు కట్టి దాన్ని చిట్టచివరి గేటుకి ఇస్తే, మిగతా ఏడూ ముందే కలిసిపోయి ఎదురుచూస్తుంటాయి, అది ఒక్క గేటు దాటితే చాలు. ఏడింటినీ చెట్టుగా కట్టి, ఆ ఒక్కదాన్ని చివర్లో కలిపితే ఇంకా మంచిది: చెట్టుకి 6 గేట్లు 3 మెట్లు, చివరిది ఒకటి, మొత్తం అవే 7 గేట్లు.

అదే తీరులో, పాఠాల్లో "రెండు అంచెల సర్క్యూట్ వేగం" అని చదివి ఎస్‌ఓపీ రూపాన్నే పట్టుకుని ఉండేవాళ్లు పైన ఇచ్చిన ABC + ABD + CE + DE ని ఒకసారి విడగొట్టి చూడాలి. మూడు ఇన్‌పుట్ల ఆండ్‌కి రెండు మెట్లు, నాలుగు ఇన్‌పుట్ల ఆర్‌కి రెండు, మొత్తం 4. (AB + E)(C + D) మూడు మెట్లే. రెండు ఇన్‌పుట్ల పరిమితి పెట్టగానే ఇక్కడ ఎస్‌ఓపీ గేట్లలోనూ వెనకబడింది, వేగంలోనూ వెనకబడింది.